రూతు ఆ మాట పెళ్లిలో అనలేదు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన మూడు ప్రసంగాల రాతప్రతులూ అందాయి. మొదటిదాన్ని చదువుతూ నాలుగో పేజీలో ఆగిపోయాను. క్రైస్తవ కుటుంబం అనే అంశం మీద రాస్తూ, "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అన్న మాటను పెళ్లికూతురు భర్తకు ఇవ్వవలసిన మాటగా చూపించావు. రూతు ఆ మాట పెళ్లిలో అనలేదు. భర్త చనిపోయిన కోడలు, భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న అత్తతో, నడిదారిలో అన్న మాట అది. శుభలేఖల మీద ఈ వచనం నేనూ చూశాను, నీకూ అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ కృష్ణరాజపురంలోని అద్దె హాలులో నీ ఎదుట కూర్చునే నలభై మందిలో సగానికి పాత నిబంధన ఎక్కడ ముగుస్తుందో తెలియదని నువ్వే రాశావు. అలాంటివాళ్ల చెవిలో ఒక వచనం మొదటిసారి ఎలా పడితే చాలాకాలం అలాగే ఉండిపోతుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఒక వచనభాగాన్ని వరుసగా విప్పే వివరణాత్మక ప్రసంగమా, ఒక విషయం మీద పలుచోట్ల వచనాలు గుచ్చే అంశ ప్రసంగమా, కథగా నడిచే కథనాత్మక ప్రసంగమా, కొత్త సంఘానికి ఏది మంచిదని అడిగావు. మూడింటికీ ఒక్కో నమూనా పంపావు కనుక వాటినే చూద్దాం.

అంశ ప్రసంగంలో ఇరవై ఏడు వచనాలు ఉన్నాయి, లెక్కపెట్టాను. అలవాటు లేని మనిషి ఒక వచనం వెతుక్కోవడానికి నిమిషం పడుతుంది. మూడో వచనానికి వెనకబడతాడు, ఐదోదానికి పుస్తకం మూసి నీ ముఖం చూస్తూ కూర్చుంటాడు. అక్కడి నుంచి అతను వింటున్నది నిన్ను మాత్రమే. అంశం నీది, వచనాల ఎంపిక నీది, వాటిని గుచ్చిన దారం కూడా నీదే. రూతు మాట పెళ్లిమాటగా మారిపోయింది కూడా ఇందుకే. మాటను బట్టి వచనాలు వెతికిపెట్టే కాంకార్డెన్స్ ఒక వచనాన్ని దాని ఇంట్లోంచి బయటికి లాగి నీ చేతిలో పెడుతుంది, ఆ ఇల్లు ఎవరిదో చెప్పదు.

ఎఫెసీ పత్రిక మీద నువ్వు రాసిన వివరణాత్మక ప్రసంగంలో శ్రమ కనబడింది, సంతోషం. కానీ మొదటి అధ్యాయంలో 3 నుంచి 14 వరకు ఉన్న వచనాలు గ్రీకులో ఒకే వాక్యం. దాన్ని నువ్వు మూడు ఆదివారాలకు ముక్కలు చేశావు. మీ సంఘంలో సెక్యూరిటీ ఉద్యోగాలు చేసేవాళ్లకు వారం విడిచి వారమే ఆదివారం సెలవు అన్నావు. అలాంటివాళ్లకు ఒక వాక్యం మొదలు దొరికితే చివర దొరకదు. ఇక కథనాత్మక ప్రసంగానికి తీసుకున్న తప్పిపోయిన కుమారుడి కథలో గుమ్మంలో నిలబడి ఏడ్చే తల్లిని పెట్టావు. లూకా 15లో తల్లి లేదు. బైబిలు తెలిసినవాళ్లు అది నీ కల్పన అని గుర్తుపడతారు. నీ నలభై మంది గుర్తుపట్టలేరు. వాళ్లకు ఆ తల్లి కూడా లేఖనమే అవుతుంది.

నా మాట ఒకటే. కొత్త సంఘం కోసం ముందు ఒక పుస్తకాన్ని ఎంచుకో. ప్రసంగం ఎలా నడవాలో ఆ పుస్తకమే చెప్పాలి. అది కథగా ఉంటే నీ వివరణ కథగా నడవాలి, ఉత్తరమైతే వాదనగా నడవాలి. వరుస ప్రసంగాలకు ఆధారంగా నువ్వు స్విట్జర్లాండ్ సంఘ సంస్కర్త జ్వింగ్లీని ప్రస్తావించావు. నిజమే, 1519 జనవరి 1న జ్యూరిక్‌లో ఆయన వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. అయితే మొదలుపెట్టింది మత్తయి సువార్తతో, ఆ తర్వాత తీసుకున్నది అపొస్తలుల కార్యములు. పత్రికల దగ్గరికి వచ్చింది ఆ తర్వాతే.

నీకు నేను చెప్పే పుస్తకం రూతు. నాలుగు అధ్యాయాలు, మొత్తం 85 వచనాలు. ఒక్కో అధ్యాయం ఇంచుమించు ఒక్కో రంగం, ఒక్కో ఆదివారానికి సరిపోతుంది. ఒక వారం రానివాడికి రెండు నిమిషాల్లో జరిగిన కథ చెప్పి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. పైగా ఇది కరువుకు ఊరు విడిచిన కుటుంబం కథ. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి పని వెతుక్కుంటూ బెంగళూరు వచ్చిన మనుషులకు మొదటి వచనం వివరించాల్సిన అవసరమే ఉండదు. రెండో అధ్యాయంలో రూతు చేసే పనిని మన అనువాదం పరిగె ఏరుకోవడం అంటుంది. మీ హాలులో ఆ మాట నీకంటే బాగా తెలిసిన పెద్దమ్మలు ఉంటారు. ఆ రోజు వాళ్లను చెప్పనివ్వు.

మొదటి ఆదివారం మొదటి అధ్యాయం 22 వచనాలూ ఒక్క దఫాలో బిగ్గరగా చదివించు. నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. చదువు రానివాళ్లు ఉన్నారు కనుక ఆ చదవడమే సగం బోధ. తర్వాత చదవగలిగినవాళ్లకు పెన్సిళ్లు ఇచ్చి, ఆరో వచనం నుంచి చివరిదాకా "తిరిగి" అనే మాట ఎక్కడ వచ్చినా గీత గీయమను. పదేపదే వస్తుంది. కోడళ్లను తిరిగి వెళ్లమంటుంది నయోమి, ఒర్పా తిరిగి వెళ్తుంది, రూతు వెళ్లనంటుంది, చివరికి ఇద్దరూ బేత్లెహేముకు తిరిగి వస్తారు. ఆ అధ్యాయం దేని గురించో నువ్వు చెప్పకముందే వాళ్లు వేలితో చూపిస్తారు. వివరణాత్మక ప్రసంగం అంటే నాకు తెలిసింది ఇదే. పిలుపు, ప్రయాణం, ప్రతిఫలం అంటూ ఒకే అక్షరంతో మూడు పాయింట్లు అల్లే ఫ్యాషన్ వచ్చాక ఈ పెన్సిలు పని చేసేవాళ్లు తగ్గిపోయారు. ఆ మూడు మాటలు జనానికి గుర్తుంటాయి, అధ్యాయం గుర్తుండదు.

అధ్యాయం ఎక్కడ ఆగుతుందో నువ్వూ అక్కడే ఆగు. నయోమి తాను సమృద్ధిగా వెళ్లి రిక్తురాలిగా వచ్చానని, యెహోవాయే అలా చేశాడని ఊరి స్త్రీలతో అంటుంది. ఆ పక్కనే రూతు నిలబడి ఉంది. రచయిత నయోమిని మందలించడు, ఓదార్చడు. యవల కోత మొదలైందని చెప్పి ఊరుకుంటాడు. జవాబు నాలుగో అధ్యాయంలో వస్తుంది. ఏడుగురు కుమారులకంటే ఎక్కువైన కోడలు నీకు ఉందని అదే ఊరి స్త్రీలు అప్పుడు అంటారు. ఆ మాటను మొదటి వారమే లాక్కొచ్చి చెప్పేస్తే నాలుగో వారానికి నీ దగ్గర ఏమీ మిగలదు.

ఈ ఊరుకోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నాకు 34 ఏళ్లప్పుడు ఈ నగరంలోనే ఒక చిన్న తెలుగు సంఘంలో రూతు మీద ప్రసంగించాను. నయోమి భర్త ఎలీమెలెకు విశ్వాసం వదిలి మోయాబుకు వెళ్లాడు, అందుకే అతనూ కొడుకులూ చనిపోయారు అని గట్టిగా చెప్పాను. ఎన్నో వేదికల మీద విన్న మాటే అది. ఆరాధన అయ్యాక ఒక తల్లి వచ్చింది. ఆమె కొడుకు అంతకుముందు ఏడాది కట్టడం పనిలో పైనుంచి పడి చనిపోయాడు. "అయ్యగారూ, మేము ఊరు విడిచి రావడం వల్లే నా బిడ్డ పోయాడా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. ఆ రాత్రి మొదటి ఐదు వచనాలు మళ్లీ మళ్లీ చదివాను. చనిపోయారని ఉంది. ఎందుకో లేదు. మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్లి, ఆమె కూతురి చేత ఆ ఐదు వచనాలూ చదివించాను. ఆ తల్లి పుస్తకం మీద వేలు పెట్టి, "ఎక్కడా లేదు కదా" అని రెండుసార్లు అడిగింది. లేదమ్మా, నేనే కలిపాను అన్నాను. తమ్ముడూ, నీ కథనంలోని ఏడ్చే తల్లిని చూసి నేను కోప్పడింది ఇందుకే. గుమ్మంలో ఒక తల్లిని కలిపిన చెయ్యి రేపు ఒక శిక్షను కూడా కలుపుతుంది.

నువ్వు తప్పనిసరిగా వివరణ అందించవలసిన చోటు మూడో అధ్యాయంలో ఉంది. రెండో అధ్యాయం 12వ వచనంలో పొలం యజమాని బోయజు రూతుతో, యెహోవా రెక్కల క్రింద సురక్షితంగా ఉండడానికి వచ్చావు అంటాడు. మూడో అధ్యాయం 9వ వచనంలో రూతు అతన్ని కొంగు కప్పమని అడుగుతుంది. మనకు రెక్క వేరు, కొంగు వేరు. హీబ్రూలో రెండు చోట్లా ఒకే మాట, కానాఫ్. నువ్వు చెప్పిన ఆ రెక్క నువ్వే అవ్వాలి అని ఆమె అతని మాటను అతనికే అప్పగిస్తోంది. అలాగే బోయజు యవలు కొలిచి ఇచ్చి, వట్టిచేతులతో అత్త దగ్గరికి పోవద్దన్నాడని రూతు చెబుతుంది. ఆ "వట్టిచేతులు", నయోమి తన గురించి అన్న "రిక్తురాలు" హీబ్రూలో ఒకే మాట. అనువాదంలో తెగిన ఈ రెండు దారాలూ ముడివేస్తే చాలు, ఆ ఆదివారం ఇంకేమీ కలపనక్కర్లేదు.

ఐదో ఆదివారం అంశ ప్రసంగం చెయ్యి. అంశం పరదేశి. మూడే వచనభాగాలు తీసుకో. పొలంలో పరిగెను పేదలకూ పరదేశులకూ వదలమన్న లేవీయకాండము 19:9-10, మోయాబీయులను సమాజంలో చేర్చవద్దన్న ద్వితీయోపదేశకాండము 23:3, యేసు వంశావళిలో మోయాబీయురాలైన రూతు పేరున్న మత్తయి 1:5. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న చిక్కును వాళ్లే అడుగుతారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్లకు రూతు తెలుసు. ఒక పుస్తకమైనా చేతిలో లేని సంఘానికి అంశ ప్రసంగం చేస్తే ఇలా ఎదురు ప్రశ్న రాదు.

ఒకప్పుడు ఇదే వరుసలో నాలుగు వ్యాసాలు రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. సంపాదకుడు వచనాల వివరణ అంతా కోసేసి, మధ్యలో నేను చెప్పిన రెండు ఉదాహరణ కథలు మాత్రం అచ్చువేశాడు. పాఠకులు కథలే అడుగుతారట. రూతు గ్రంథమే కథ అన్న సంగతి ఆయనకు తోచలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

వారం మధ్యలో ఒకటి చేసి చూడు. ఆదివారం వచ్చినవాళ్లలో ఒకరికి ఫోను చేసి, రానివాళ్లకు ఏం చెప్పారో అడుగు. "అయ్యగారు ఇలా అన్నారు" అని మొదలుపెడితే నీ ప్రసంగం అడ్డుపడిందని అర్థం. "నయోమి ఇలా అన్నది" అని మొదలుపెడితే వాక్యం వాళ్ల దగ్గరికి చేరింది.

మైకు గురించీ గొంతు గురించీ నువ్వు అడిగినవి ఇప్పుడు పక్కన పెట్టు. మూడో అధ్యాయం మీద కొత్తగా రాసి పంపు. రూతు కళ్లంలో బోయజు కాళ్ల దగ్గర పడుకున్న ఆ రాత్రిని సిగ్గుపడి దాటవేసే ప్రసంగాలు చాలా విన్నాను. నువ్వు దాటవేయకు, అక్కడ లేనిది ఏదీ చేర్చకు.

ప్రభువునందు,
నీ అన్న