కొసైన్ సూత్రంలో మైనస్ దగ్గర జాగ్రత్త

ప్రశ్న: త్రిభుజంలో రెండు భుజాలు 7, 8 సెం.మీ., వాటి మధ్య కోణం 120°. మూడో భుజం ఎలా కనుక్కోవాలి? మూడు భుజాలే ఇస్తే కోణం ఎలా?

c² = a² + b² − 2ab cos C వాడండి. ఇక్కడ cos 120° = −1/2 కాబట్టి చివరి పదం +56 అవుతుంది. 49 + 64 + 56 = 169, అంటే c = 13 సెం.మీ.

చాలామంది ఈ మైనస్ మర్చిపోతారు. అప్పుడు c² = 57, c దాదాపు 7.55 వస్తుంది. 120° కోణానికి ఎదురుగా ఉన్న భుజమే అన్నిటికన్నా పొడవు కావాలి కదా, 8 కన్నా తక్కువ వచ్చిందంటే లెక్క తప్పినట్టే.

మూడు భుజాలు తెలిస్తే అదే సూత్రాన్ని తిప్పి రాయండి:

cos C = (49 + 64 − 169)/112 = −1/2

కోణం 120°. ముందు పెద్ద భుజానికి ఎదురు కోణమే కనుక్కోండి. దాన్ని సైన్‌తో చేస్తే కాలిక్యులేటర్ 60° చూపిస్తుంది, ఎందుకంటే sin 60°, sin 120° రెండూ ఒకటే. కొసైన్‌లో ఆ టెన్షన్ లేదు, గుర్తు మైనస్ అయితే అది అధిక కోణమే.