చక్రకేళిలో చక్రం ఎక్కడిది?

ప్రశ్న: "నెల్లూరు బజారులో అరటిపండ్ల బండి మీద 'చక్రకేళి' అని రాశారు. గెలలో హస్తాలు చక్రంలా తిరిగి ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని మా తాతయ్య అంటారు. నిజమేనా?"

తాతయ్యగారు చూసింది నిజమే, కానీ అన్ని అరటి గెలల్లోనూ హస్తాలు గెల కాడ చుట్టూ తిరిగే ఉంటాయి. అన్నిటికీ సరిపోయే కారణం ఒక్క రకానికే పేరు పెట్టలేదు.

అసలు పేరు చక్కెరకేళి. కేళి అంటే ఇక్కడ ఆట కాదు, అరటి. సంస్కృత 'కదలి' ప్రాకృతంలో 'కయలీ', 'కేలీ' అయింది. మరాఠీ 'కేళ', హిందీ 'కేలా' దాని సంతతే. కాబట్టి ఇది చక్కెరంత తీపి అరటి. తెలుగులో విడిగా అరటి అనే మాటే మిగలడంతో కేళి అర్థం మరుగున పడి, ఆటగా వినిపించింది. చక్కెరకు ఆటతో పొత్తు కుదరలేదు. పైగా వేగంగా పలికితే నడిమి అచ్చు జారి చక్కెర 'చక్ర' అవుతుంది. చెవికి తెలిసిన చక్రం అక్కడ కూర్చుంది, గెల కథ ఆ తర్వాత పుట్టింది.

ఏది ముందుదో ఇలా పోల్చుకోండి: చక్కెర నుంచి చక్ర ఎలా వచ్చిందో ఉచ్చారణే చెబుతుంది. చక్రమే ముందుదనుకుంటే, ఈ ఒక్క రకం అరటికే ఆ పేరెందుకో చెప్పలేం. అయినా బండివాడి రాత దిద్దకండి, ఇప్పుడు అదీ వాడుకలో ఉన్న మాటే.