ఐదు కాయిల్స్ తేడాకు ఒకే కారణం ఉండదు

«అన్నా, అనంతపురంలో మాది ఎలక్ట్రికల్ షాపు. 1.5 వైరు సిస్టమ్‌లో 42 కాయిల్స్ ఉంది, లెక్కేస్తే 37. ఐదూ అడ్జస్ట్‌మెంట్ వేసేయనా?»

వద్దు తమ్ముడూ, ఆగు. ముందు నువ్వు లెక్కించిన రోజు చీటీల కట్ట తియ్యి. తెలిసిన ఎలక్ట్రీషియన్లు సరుకు తీసుకుపోయి బిల్లు రేపు అంటారు కదా. అట్లా రెండు కాయిల్స్ పోయుంటే అది తేడా కాదు, బిల్లు మిగిలిపోవడమే. దానికి బిల్లే కొట్టు. అడ్జస్ట్‌మెంట్ కూడా వేశావంటే రేపు బిల్లు పడగానే స్టాక్ రెండుసార్లు తగ్గుతుంది. కడపలో నేను చేసిన తప్పు ఇదే, నెలంతా టెన్షన్.

తర్వాత పక్క సైజు లెక్కపెట్టు. 1.0 వైరు సిస్టమ్ కన్నా రెండు ఎక్కువ ఉందనుకో, 1.5 ఇచ్చి 1.0 అని బిల్లు కొట్టారని అనుమానించాలి. పాత బిల్లుల్లో అది దొరికితే 1.5లో రెండు తగ్గించి, 1.0లో రెండు పెంచు. రేటు తేడా వసూలు కావాలి, అది మర్చిపోకు.

ఇంకొక కాయిల్ మిగులుతుంది. మీటర్ల లెక్కన కోసి అమ్మగా మిగిలిన ముక్కలు కౌంటర్ కింద ఉంటాయి, టేపుతో కొలువు. అక్కడా లేకపోతే ‘కారణం తెలియలేదు’ అనే రాయి. రుజువు లేకుండా ‘దొంగతనం’ అని రాయొద్దు, పనిచేసే పిల్లోళ్ల మీద పడుతుంది.

రిజిస్టర్‌లో ఒక్కో కారణానికి ఒక్కో వరుస పెట్టు: తేదీ, ఐటమ్, ఎన్ని, కారణం, చీటీ లేదా బిల్లు నంబరు, చూసినవాళ్ల సంతకం.