లెటర్ ఇచ్చే ముందు ఇది చదువు

సింధూ,

మీ నలుగురి ప్రాజెక్టు రిపోర్టులో కాపీ బయటపడిందట. టీమ్ లీడర్‌వి కాబట్టి తప్పంతా నాదేనని హెచ్‌ఓడీకి లెటర్ రాసిస్తానన్నావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా పిల్లే అని ఒక క్షణం గర్వపడ్డాను, మరుక్షణం గుండె గుభేలుమంది. ఆ లెటర్ ఇవ్వకు. కాపీ కొట్టింది నువ్వు కాదు, రెండో చాప్టర్ ఇచ్చిన అబ్బాయి. జాలిపడి రాసినా అబద్ధం అబద్ధమే. అలాగని మిగతా ఇద్దరూ అంటున్నట్టు ఆ అబ్బాయి పేరు తీయించేసి చేతులు దులుపుకోవడమూ కుదరదు. ‘ఇది మా సొంత పని’ అన్న డిక్లరేషన్ కింద నలుగురూ సంతకాలు పెట్టారు కదా. రిపోర్టు మొత్తం చదవకుండానే పెట్టారు, అవునా?

ముందు, పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ ఇచ్చిన రిపోర్టు సరిగ్గా చూడండి. పైన కనిపించే 38 శాతం పోలికను చెబుతుంది, అంతే. అది కాపీయా కాదా అన్నది మనిషి చదివి తేల్చాలి. రిఫరెన్సుల జాబితా, కాలేజీలో అందరికీ ఒకేలా ఉండే సర్టిఫికెట్ పేజీ తీసేస్తే కొంత తగ్గుతుంది. తర్వాత సోర్సుల వరస చూడండి. పాతిక చోట్ల ఒక్కో శాతం తగలడం వేరు, ఒకే థీసిస్ నుంచి 19 శాతం రావడం వేరు. మీ నాన్న పంపిన ఫొటోల్లో రెండో చాప్టర్ నాలుగు పేజీలూ ఒకే రంగులో ఉన్నాయి. పైగా ఒక పేరా చివర [47] అని ఉంది. మీ రిఫరెన్సులేమో 22తో ఆగిపోయాయి! ఎవరైనా ఒక్కసారి చదివుంటే ఆ అంకె కంట్లో పడేది. అవును, తిడుతున్నాను.

ఏడాది డిబార్ చేస్తారని ఎవరో భయపెట్టారట. యూజీసీ 2018 నిబంధనల్లో 40 శాతం దాటితే ఏడాది ఆపడం ఉంది కానీ, అది పీజీ, పీహెచ్‌డీ థీసిస్‌ల సంగతి. ప్రాజెక్టు రిపోర్టుల్ని అందులోంచి మినహాయించారు. మీకు వర్తించేది మీ కాలేజీ రూలు. అకడమిక్ సెక్షన్‌లో అడిగి కాగితం మీద చూడండి.

నా భయం వేరే. నేను పనిచేసిన చోట ఒక బ్యాచ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. ముగ్గురు కలిసి ‘మాకేమీ తెలియదు, అతనే చేశాడు’ అని ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. కమిటీ పిలిచిన రోజు నాలుగోవాడు ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపు చూపించాడు. ‘లిటరేచర్ సర్వే నెట్‌లో దొరికింది, పెట్టేస్తున్నా’ అని వాడి మెసేజ్. కింద ఒకడు బొటనవేలు పెట్టాడు, ఇంకొకడు ‘సూపర్ రా’ అన్నాడు. ముగ్గురిలో ఒక అమ్మాయి అప్పుడు అన్న పెళ్లికి ఊరెళ్లింది, ఆ మెసేజే చూడలేదు. నిజంగానే ఏమీ తెలియదు. కానీ ‘మాకు’ అన్న మాట కింద ఆమె సంతకమూ ఉంది. అప్పటిదాకా కాపీ కేసు, ఆ నిమిషం నుంచి కమిటీకి అబద్ధం చెప్పిన కేసు. నలుగురికీ ఒకటే శిక్ష, డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి. ఆ పిల్ల కారిడార్‌లో నా చెయ్యి పట్టుకుని ‘నాది నేను విడిగా రాసుంటే సరిపోయేది కదా మేడమ్’ అంది. ఏం చెప్పను?

అందుకే ఎవరి కాగితం వాళ్లు రాయండి. ఏ చాప్టర్ తనది, రెండో చాప్టర్ ఎప్పుడు చూశారు, ఏం గమనించారు, అంతే. ఆ అబ్బాయి ఏ పేజీలు ఎక్కడినుంచి తీశాడో తన చేత్తో తనే రాయాలి. పైన నలుగురి పేరుతో ఒక చిన్న లెటర్: చదవకుండా డిక్లరేషన్ ఇవ్వడం మా నలుగురి తప్పు, కాపీ ఫలానా చాప్టర్‌లోనే ఉంది, దాన్ని తిరగరాసే అవకాశం ఇవ్వండి అని. గ్రూపు చాట్ చెరపకండి. గూగుల్ డాక్‌లో ఇప్పుడు ఏమీ దిద్దకండి, కాపీ తీసుకుని అందులో పని చేయండి. వెర్షన్ హిస్టరీయే మీ సాక్షి.

తిరగరాయాల్సింది ఆ అబ్బాయే. జాలిపడి నువ్వు రాసిచ్చావో, అది మళ్లీ వాడి సొంతం కాని చాప్టరే అవుతుంది, వైవాలో రెండు ప్రశ్నలకే బయటపడుతుంది. మాటలు అటూ ఇటూ మార్చి శాతం తగ్గించే పని అసలు వద్దు. ఆ పేపర్లు చదివి, మూసేసి, అర్థమైంది రాయాలి. మీ ముగ్గురూ మూలం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూడండి. మళ్లీ అప్‌లోడ్ చేసేముందు పాత డ్రాఫ్ట్ టర్నిటిన్ దాచుకునే రిపాజిటరీలో ఉందేమో గైడ్‌ని అడుగు. ఉంటే మీ రిపోర్టు మీ రిపోర్టుతోనే పోలి నూటికి దగ్గరగా చూపిస్తుంది.

లెటర్లు ఆదివారం తెచ్చి నాకు చూపించు. ఆ అబ్బాయినీ భోజనానికి తీసుకురా. రెండ్రోజులుగా హాస్టల్లో సరిగ్గా తినట్లేదన్నావట కదా.

మీ అత్త