డిక్కీ లీటర్లు కాదు, మీ సామానే కొలత

"నల్గొండలో ఉంటాం. సెడాన్‌కు 500 లీటర్లు, ఎస్‌యూవీకి 400 అంటున్నారు. రెండు పెద్ద సూట్‌కేసులు, పాప ప్రామ్, బాబు క్రికెట్ కిట్ పట్టాలి. ఏది నయం?"

సామానంతా షోరూముకు తీసుకువెళ్లి, సూట్‌కేసుల్లో దుప్పట్లు కుక్కి మరీ పెట్టి చూడండి, ఎందుకంటే ఖాళీ గుడ్డ సూట్‌కేసు అణిగిపోయి మనల్ని మోసం చేస్తుంది. లీటర్ల లెక్కను సాధారణంగా 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలు పేర్చి తీస్తారు. ఒక్కొక్కటి లీటరే కాబట్టి అవి చక్రాల గూళ్ల పక్క సందుల్లోనూ దూరతాయి, మీ సూట్‌కేసు దూరదు.

మహబూబ్‌నగర్‌లో మేము చూసిన సెడాన్‌లో రెండు సూట్‌కేసులూ హాయిగా పట్టాయి గానీ మూత పడలేదు. చాలా సెడాన్లలో మూతను మోసే వంపు కడ్డీలు, మూసేటప్పుడు డిక్కీ లోపలికే దిగుతాయి. ఆ కడ్డీల కింద, సూట్‌కేసు మీద, ప్లాస్టిక్ కవరులో చపాతీ పిండి ముద్ద పెట్టి మూతను మెల్లగా దించితే, ముద్ద ఎంత నలిగిందో దాన్నిబట్టి మిగిలిన ఎత్తు తెలుస్తుంది. సేల్స్ కుర్రవాడు నవ్వితే నవ్వనివ్వండి.

పెద్దల బ్యాటు పొడవు నిబంధనల ప్రకారం 38 అంగుళాల వరకు ఉండవచ్చు, సంచి అంతకన్నా పొడవు. అది అడ్డంగా పట్టకపోతే వెనుక సీటు ఒక పక్క మడవాలి, అప్పుడు ఒకరి చోటు పోతుంది. దారిలో ముందుగా కావలసింది ప్రామే కనుక, దాన్ని చివరగా పెట్టండి. ఎస్‌యూవీలో డిక్కీ సామాను పైన కప్పే పార్సిల్ ట్రే తీయకుండానే ఇవన్నీ పడితే నేను దానికే మొగ్గుతాను. సీఎన్‌జీ కారు అనుకుంటే, సిలిండరు ఉన్న బండిలోనే పరీక్షించండి.