కాల్‌కి పది నిమిషాల ముందు లింక్ మారిస్తే అందరికీ ఎలా చేరవేయాలి?

ప్రశ్న: "క్లయింట్‌తో 11కి కాల్. 10:50కి చూస్తే పాత లింక్ సరిగ్గా పనిచేయట్లేదు, వేరే ప్లాట్‌ఫాంకి మార్చి అందరికీ మెయిల్ పెట్టాను. అయినా సగం మంది పాత రూమ్‌లోనే కూర్చున్నారు. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?"

మెయిల్‌ని నమ్ముకుంటే ఇంతేనండి. కాల్‌కి ముందు పది నిమిషాల్లో ఇన్‌బాక్స్ చూసేవాళ్ళు ఎంతమంది చెప్పండి, చాలామంది అప్పటికి ఇంకా ముందు కాల్‌లోనే ఇరుక్కుని ఉంటారు, 10:59కి బయటపడతారు, స్క్రీన్ మీద రిమైండర్ ఉంటుంది, దాన్ని నొక్కేస్తారు. మీ మెయిల్ మధ్యాహ్నం చదువుతారు. అందుకే నేను చూసేది ఒక్కటే, ఆ చివరి నిమిషంలో వాళ్ళ వేలు ఎక్కడ పడుతుంది? క్యాలెండర్ మీద, లేదంటే పాత రూమ్ మీద. ఈ రెండు చోట్లా కొత్త లింక్ ఉంటే పని అయినట్టే, మిగతావన్నీ తర్వాత.

నేను క్లయింట్ ప్రాజెక్టుల కోఆర్డినేషన్ చూస్తాను కాబట్టి ఇది తరచూ తగులుతుంది. ఈమధ్య జరిగిన ఒకటి చెప్తా. 11కి డెమో, మా వైపు నలుగురం, క్లయింట్ వైపు తొమ్మిది మంది, అందులో ఇద్దరు అసలు మా ఇన్విట్‌లో లేరు, వాళ్ళ మేనేజర్ లింక్ కాపీ చేసి పంపితే వస్తున్నవాళ్ళు (ఈ ఇద్దర్ని గుర్తుపెట్టుకోండి, అసలు కథ వీళ్ళదే). 10:45కి జూమ్ రూమ్ తెరిస్తే నేను మాట్లాడేది మా జూనియర్‌కి వినపడట్లేదు, తనది నాకు వినపడట్లేదు, చాట్ మాత్రం బానే వెళ్తోంది. ముందు తప్పు మా నెట్‌దా ప్లాట్‌ఫాందా తేల్చుకోవాలి కదా, నేనూ తనూ ఫోన్ డేటాకి మారి మళ్ళీ జాయిన్ అయ్యాం, అయినా అంతే. ఫోన్ డేటా మీద వినపడి ఉంటే నేను లింక్ జోలికే వెళ్ళేవాణ్ణి కాదు, నా నెట్ మార్చుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కడి ఇబ్బంది కోసం పదముగ్గుర్ని కదపడం దండగ.

సరే మార్చాలని తేలింది. ఇక్కడ ఎక్కువమంది చేసేది పాత మీటింగ్ క్యాన్సిల్ కొట్టి కొత్తది క్రియేట్ చేయడం. దయచేసి అది వద్దు. క్యాలెండర్ ఇన్విట్ లోపల UID అని ఒక గుర్తు ఉంటుంది, ఉన్న ఈవెంట్‌నే ఎడిట్ చేస్తే ఆ గుర్తు మారదు, కాబట్టి అవతలి వాళ్ళ క్యాలెండర్‌లో అదే ఎంట్రీ కొత్త వివరాలతో కనపడుతుంది. క్యాన్సిల్ చేసి కొత్తది పెడితే వాళ్ళకి అవి రెండు వేర్వేరు మీటింగులు, రెండు మెయిళ్ళు పోతాయి, క్యాన్సిల్ మెయిల్ ఒక్కటే చూసినవాడు "హమ్మయ్య, కాల్ లేదు" అనుకుని ఇంకో పనిలో పడతాడు. వాణ్ణి మళ్ళీ పట్టుకోవడం మామూలు విషయం కాదు.

మాది గూగుల్ క్యాలెండర్, అందుకని ఆ ఈవెంట్‌నే ఎడిట్‌లో తెరిచి మీట్ లింక్ యాడ్ చేశాను. కానీ లింక్ యాడ్ చేసి వదిలేస్తే సరిపోదండి, పాత లింక్ ఇంకా లొకేషన్ దగ్గర ఉంటుంది, కింద డిస్క్రిప్షన్‌లో మీటింగ్ ఐడీ పాస్‌కోడ్‌తో సహా ఇంకోసారి ఉంటుంది, రెండు లింకులు కనపడితే జనం తెలిసిన దాన్నే నొక్కుతారు. రెండు చోట్లా పాతది తుడిచేశాను. రివర్స్‌లో అంటే మీట్ నుంచి జూమ్‌కి మారుతుంటే ఇంకా జాగ్రత్త, మీరు జూమ్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టినా పైన ఆ పెద్ద `Join with Google Meet` బటన్ అలాగే ఉండిపోతుంది, దాని పక్కన ఇంటూ నొక్కి తీసేయాలి. ఇంకోటి, ఈవెంట్ టైటిల్ మొదట్లో "లింక్ మారింది" అని చేర్చాను, ఎందుకంటే ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనపడేది టైటిలే. సేవ్ చేసేటప్పుడు గెస్టులకి అప్‌డేట్ పంపాలా అని అడుగుతుంది, అక్కడ `Send` అనే నొక్కాలి. ప్రతివారం జరిగే మీటింగ్ అయితే ఈ ఒక్కదానికే మార్చండి, మొత్తం సిరీస్‌కి మార్చారంటే వచ్చే వారం మళ్ళీ ఇదే గోల.

సేవ్ కొట్టేముందు కొత్త లింక్ బయటివాళ్ళకి తెరుచుకుంటుందో లేదో చూడాలి. మన అకౌంట్‌లో ఎప్పుడూ తెరుచుకుంటుంది, అందులో తెలిసేదేం లేదు. నేను మీట్‌లో హోస్ట్‌గా లోపలికి వెళ్ళి కూర్చున్నాను, మా జూనియర్ ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ లేకుండా అదే లింక్ కొట్టింది, తను తలుపు తట్టినట్టు నాకు కనపడింది, లోపలికి రానిచ్చి ఒక మాట మాట్లాడి వినపడుతోందని చూసుకున్నాం, అర నిమిషం పని. కంపెనీ అడ్మిన్ సెట్టింగ్‌ని బట్టి కొన్నిచోట్ల బయటివాళ్ళని అసలు రానివ్వదు, అది 11:02కి కాకుండా ఇప్పుడే తెలియాలి. జూమ్ అయితే లింక్ మొత్తం కాపీ చేయండి, చివర `?pwd=` తర్వాత ఉండే ముక్క ఎగిరిపోతే అందరూ పాస్‌కోడ్ ఏంటని అడుగుతారు. ఫ్రీ అకౌంట్‌తో చేస్తున్నారా, టైం లిమిట్ గుర్తుంచుకోండి, జూమ్ ఫ్రీలో 40 నిమిషాలు, మీట్ ఫ్రీలో ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 60 నిమిషాలు. గంట దాటే కాల్‌ని అలాంటి రూమ్‌కి మారిస్తే మధ్యలో ఇంకోసారి లింక్ మార్చాల్సి వస్తుంది.

10:51కి సేవ్. అదే నిమిషంలో క్లయింట్ వాట్సాప్ గ్రూప్‌లో ఇది:

```
11 గం. డెమో - లింక్ మారింది
https://meet.google.com/abc-defg-hij
టైం అదే. పాత లింక్ వాడొద్దు. (10:51)
```

ఇంతే. "అందరికీ నమస్కారం, కొన్ని అనివార్య సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెడితే నోటిఫికేషన్‌లో ఆ ముక్కే కనపడుతుంది, అసలు విషయం కింద ఎక్కడో ఉంటుంది. మొదటి లైన్‌లో ఏ కాల్, ఏం మారింది. లింక్‌కి విడిగా ఒక లైన్, చివర చుక్క కామా ఏమీ అంటించకుండా. పంపిన టైం ఎందుకంటే ఇంకోసారి మారితే ఏది కొత్తదో తెలియాలి. పాత లింక్ పెట్టిన మెసేజ్‌నే ఎడిట్ చేద్దాం అని కొందరు అంటారు, వాట్సాప్‌లో 15 నిమిషాలు దాటాక ఎలాగూ ఎడిట్ అవదు, అయినా ఎడిట్ చేస్తే ఎవరికీ కొత్త నోటిఫికేషన్ పోదు, కాబట్టి ఉపయోగం లేదు. కొత్త మెసేజ్ పెట్టి దాన్ని పిన్ చేయండి. స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళు కూడా ఉన్నారు, దాన్ని ఎలా నొక్కుతారో మరి.

తర్వాత ఒకే ఒక్క ఫోన్, క్లయింట్ మేనేజర్‌కి. "సార్, 11 కాల్ లింక్ మారింది, గ్రూప్‌లో పెట్టాను, మీరు ఎవరికైనా పాత లింక్ పంపి ఉంటే వాళ్ళకి ఇది పంపుతారా" అని. అందరికీ ఫోన్ చేస్తూ కూర్చుంటే 11 అయిపోతుంది. ఎవరు లేకపోతే కాల్ మొదలవదో వాళ్ళకి, లింక్ ఇంకొకరికి ఫార్వర్డ్ చేసినవాళ్ళకి చేస్తే చాలు, మా కేసులో ఆ రెండూ మేనేజరే.

ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి. వాళ్ళు మా గెస్ట్ లిస్ట్‌లో లేరు కాబట్టి క్యాలెండర్ అప్‌డేట్ వాళ్ళకి పోదు, వాట్సాప్ గ్రూప్‌లోనూ లేరు, మేనేజర్ సరే అన్నాడు కానీ ఆయనా ఆ టైంలో పరుగులోనే ఉంటాడు. వాళ్ళు దొరికే చోటు పాత రూమ్ ఒక్కటే. అందుకే మా జూనియర్‌ని అక్కడే కూర్చోబెట్టాను. రూమ్‌లో ఆడియో లేదు, చాట్ ఉంది. కానీ చాట్‌లో ఒక చిక్కుంది, చాలా ప్లాట్‌ఫాంలలో మామూలు సెట్టింగ్ ఏంటంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళకి తాము రాకముందు పెట్టిన మెసేజ్‌లు కనపడవు. ఒకసారి పేస్ట్ చేసి వదిలేస్తే అప్పటికి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అందుకని ఎవరైనా కొత్తగా రాగానే తను మళ్ళీ పేస్ట్ చేసింది. దాంతోపాటు ఒక మంచి పని చేసింది, కెమెరా ఆపేసి తన డిస్‌ప్లే పేరుని "లింక్ మారింది, చాట్ చూడండి" అని మార్చుకుంది, కెమెరా ఆఫ్ ఉంటే పేరే స్క్రీన్ మధ్యలో పెద్దగా కనపడుతుంది కదా, చాట్ తెరవని వాళ్ళు కూడా అది చదవకుండా ఉండలేరు. నాకు ఈ ఐడియా వచ్చేది కాదు, ఇప్పుడు మా టీంలో అందరం ఇదే చేస్తున్నాం.

10:55 నుంచి అక్కడికి వచ్చింది నలుగురు, ఆ ఫార్వర్డ్ అయిన ఇద్దరూ అందులో ఉన్నారు, చివరివాడు 11:06కి వచ్చాడు. తను 11:15 దాకా ఉండి అప్పుడు పాత రూమ్ మూసింది. డెమో నేను 11:04కి మొదలుపెట్టాను, మొదటి ఐదు నిమిషాలు పరిచయాలతో నడిపించాను, లేటుగా వచ్చినవాళ్ళకి ముఖ్యమైనదేదీ పోలేదు.

ప్లాట్‌ఫాం మార్చకుండా జూమ్‌లోనే లింక్ మాత్రం మారుస్తుంటే ఒక మెలిక ఉంది, మామూలు లైసెన్స్‌లో ఒకే హోస్ట్ అకౌంట్ మీద రెండు మీటింగులు ఒకేసారి నడవవు. కొత్తది స్టార్ట్ చేయాలంటే పాతది ముగించమంటుంది, అంటే పాత రూమ్‌లో మనిషిని పెట్టే దారి మూసుకుపోతుంది. కొత్తది ఇంకో కొలీగ్ అకౌంట్ నుంచి తెరవండి. పాత రూమ్‌కి వెయిటింగ్ రూమ్ ఆన్‌లో ఉంటే ఇంకా మేలు, ఎవర్నీ లోపలికి రానివ్వకుండానే వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళకి హోస్ట్ మెసేజ్ పంపొచ్చు, లింక్ అక్కడే వేసేయండి.

పాత రూమ్ అసలు తెరుచుకోకపోతే, అంటే హోస్ట్ లాగిన్‌కే దిక్కులేకపోతే, అక్కడ మనిషిని పెట్టలేరు కాబట్టి క్యాలెండర్, గ్రూప్, ఫోన్ ఇవే మిగులుతాయి, అప్పుడు ఫోన్లు ఇద్దరు ముగ్గురు పంచుకోండి. ఇక కాల్‌కి రెండు నిమిషాలే ఉన్నప్పుడు నేనైతే ముందే ఏమీ మార్చను, పాత రూమ్ కాస్తయినా పనిచేస్తుంటే అందర్నీ అక్కడికే రానిచ్చి, చాట్‌లో కొత్త లింక్ వేసి, అందర్నీ ఒకేసారి కదిలిస్తాను. అందరూ ఒకచోట ఉన్నప్పుడు తరలించడం తేలిక, దారిలో ఉన్నప్పుడు కష్టం.

మీకు ఇది తరచూ జరుగుతుంటే, సొంత డొమైన్ ఉన్నవాళ్ళు ఇన్విట్‌లో ప్లాట్‌ఫాం లింక్ పెట్టకుండా తమ సొంత రీడైరెక్ట్ లింక్ పెట్టుకోవచ్చు, ఏదైనా తేడా వస్తే వెనకాల ఎక్కడికి వెళ్ళాలో అది ఒక్కటి మారిస్తే ఫార్వర్డ్ అయినవాళ్ళతో సహా అందరూ కొత్త రూమ్‌కే వస్తారు. కాకపోతే సెట్ చేసేవాళ్ళకి 302 రీడైరెక్ట్ పెట్టమని చెప్పండి. 301 పెడితే అది శాశ్వతం అని బ్రౌజర్ గుర్తుపెట్టేసుకుంటుంది, కిందటిసారి ఆ లింక్ వాడినవాళ్ళు మీరు మార్చాక కూడా పాత రూమ్‌కే పోయే అవకాశం ఉంది.