స్పీడ్ టెస్ట్ బాగుంది, సైట్లు మాత్రం ఆగి ఆగి వస్తున్నాయి

ప్రశ్న: మా ఇంట్లో నెట్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అయినా ఏ సైట్ కొట్టినా కాసేపు తెల్ల స్క్రీనే. డీఎన్ఎస్ మారిస్తే సరిపోతుందంటున్నారు, నిజమేనా? అసలు అదెలా పనిచేస్తుంది?

నా అనుమానం కూడా డీఎన్ఎస్ మీదే. సైట్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని నంబర్, వెతికిపెట్టేది అదే. తెల్ల స్క్రీన్ కాసేపు ఉండి, ఆ తర్వాత పేజీ మొత్తం ఒక్కసారిగా వచ్చేస్తోందంటే మీ లైన్ బాగానే ఉంది, సైట్ అడ్రస్ వెతికే దగ్గర ఆలస్యమవుతుండవచ్చు. లైనే నెమ్మదైతే బొమ్మలు ముక్కలు ముక్కలుగా దిగుతాయి.

తెనాలిలో మా బావగారింట్లో అచ్చం ఇదే జరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, తగ్గలేదంటే పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. ఈ సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అడ్రస్ దొరక్క ఆగిన పేజీకి 300 ఎంబీపీఎస్ ఇస్తే ఏం లాభం? పాపం, ఆయన డబ్బు కట్టేశారు కూడా, తేడా ఏమీ రాలేదు.

నేను వెళ్ళినప్పుడు ముందు రూటర్ పేజీ తెరిచి, నెట్ కంపెనీ ఇచ్చిన డీఎన్ఎస్ అడ్రస్‌లు చూశాను. రెండు ఉన్నాయి. లినక్స్ ల్యాప్‌టాప్ నుంచి ఒక్కోదాన్నీ విడిగా అడిగాను, తర్వాత గూగుల్ వాళ్ళదాన్నీ ఇలా అడిగాను:

```
dig @8.8.8.8 te.wikipedia.org
```

జవాబు కింద `Query time` అని ఒక లైన్ వస్తుంది, అదే చూడాలి. గూగుల్‌దీ, కంపెనీ రెండో అడ్రస్సూ 40 మిల్లీసెకన్ల లోపే పలికాయి. కంపెనీ మొదటి అడ్రస్ మాత్రం ఉలకలేదు, పలకలేదు, చివరికి `timed out` అని వచ్చింది. దొంగ దొరికాడు. సిస్టమ్ మొదటిదాన్ని అడిగి, జవాబు కోసం ఎదురుచూసి, రాకపోతే అప్పుడు రెండోదాని దగ్గరికి వెళ్తోంది. ఎంతసేపు ఎదురుచూడాలన్నది సిస్టమ్‌ని బట్టి ఉంటుంది, లినక్స్‌లో మామూలుగా 5 సెకన్లు. నెట్ పూర్తిగా ఆగిపోదు కాబట్టి ఎవరికీ డీఎన్ఎస్ మీద అనుమానం రాదు.

ఆ వెతుకులాట ఎలా సాగుతుందంటే, మీరు te.wikipedia.org అని కొట్టగానే బ్రౌజర్, ఆ తర్వాత సిస్టమ్ ఇంతకుముందు దాచుకున్న జవాబు ఏమైనా ఉందా అని చూస్తాయి. లేకపోతే ప్రశ్న రూటర్ మీదుగా రిజాల్వర్‌కి, అంటే ఇందాక చెప్పిన డీఎన్ఎస్ అడ్రస్‌లో ఉండే సర్వర్‌కి వెళ్తుంది. తిరిగే పని మొత్తం రిజాల్వర్‌దే. అది రూట్ సర్వర్‌ని అడిగితే ".org సంగతి వాళ్ళని అడుగు" అంటుంది, .org సర్వర్‌ని అడిగితే "wikipedia.org సంగతి వాళ్ళ సర్వర్లకే తెలుసు" అంటుంది, చివరికి ఆ సర్వర్లు ఐపీ అడ్రస్ చెబుతాయి. ఆ జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో కూడా దాంతోపాటే వస్తుంది, దాన్నే టీటీఎల్ అంటారు. 300 అని ఉంటే 5 నిమిషాల దాకా మళ్ళీ ఈ తిరుగుడు అక్కర్లేదు. మీరు అదే సైట్ వెంటనే రెండోసారి తెరిస్తే చకచకా రావడానికి ఒక కారణం ఇదే. పెద్ద పబ్లిక్ రిజాల్వర్లని అందరూ అడుగుతుంటారు కాబట్టి చాలా పేర్లకి జవాబు వాటి దగ్గర ముందే ఉంటుంది.

ఇంకోటి, ఒక పేజీకి ఒక్క పేరు సరిపోదు. వికీపీడియాలో బొమ్మలు upload.wikimedia.org నుంచి వస్తాయి. ఇక న్యూస్ సైట్లయితే ప్రకటనల కోసమే బోలెడు పేర్లు వెతికిస్తాయి, వాటి గోల వేరే. రిజాల్వర్ మందకొడిగా ఉంటే ఈ ఆలస్యాలన్నీ కలిసి పేజీ ఈడుస్తుంది.

బావగారి రూటర్‌లో ఒక గడిలో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1, రెండో దాంట్లో గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టాను, ఆ తెల్ల స్క్రీన్ పోయింది. రెండు గడులూ మార్చండి, పాతది ఒకటి ఉంచితే జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చు. ఐపీవీ6 ఉంటే అక్కడా మార్చాలి, లేదంటే విండోస్ పాత సర్వర్‌నే అడుగుతుండవచ్చు. కంపెనీ రూటర్ సెట్టింగులకి తాళం వేస్తే ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోండి. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో `Private DNS` అని ఉంటుంది, అక్కడ నంబర్లు తీసుకోదు, `dns.google` అని పేరు రాయాలి.

మార్చేముందు మాత్రం పైన చెప్పినట్టు టైం చూడండి. మీ పాత రిజాల్వర్ కూడా 20, 30 మిల్లీసెకన్లలోనే పలుకుతుంటే మార్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, వీడియో మధ్యలో ఆగిపోవడం లాంటివి దీంతో తగ్గవు. ఒక్కోసారి వీడియో సైట్లు రిజాల్వర్ ఉన్న చోటుని బట్టి మీకు దగ్గరి సర్వర్ ఏదో లెక్కేస్తాయి కాబట్టి, కొత్తది పెట్టాక వీడియోలు నెమ్మదించాయనిపిస్తే ఇంకో రిజాల్వర్ పెట్టి చూడండి.